పెట్టె తెరిస్తే పచ్చికాయలే

శ్రోతలందరికీ నమస్కారం. మాది కొల్లాపూర్ దగ్గర ఒక పల్లె. చుట్టుపక్కల మామిడి రైతులం కొందరం సంఘంగా ఏర్పడి, మా తోటల బంగినపల్లి కాయలను హైదరాబాద్‌లోని ఇళ్లకు నేరుగా పంపుతున్నాం. ఏటా మొదటి పెట్టెలు చేరిన సాయంత్రమే ఫోన్లు మొదలవుతాయి. అందరూ అడిగేది ఒకటే. "అన్నా, మామిడిపండ్లు కావాలంటే పచ్చికాయలు పంపారేంటి?"

అవును, మేం పంపేది పచ్చికాయలే. అవి మీ ఇంట్లో ఐదారు రోజులకు పండుతాయి. ఎందుకు ఇలా చేస్తున్నామో ఈ రోజు చెబుతాను.

మామిడికాయ చెట్టు మీద ఉన్నన్నాళ్లూ లోపల పిండి పదార్థం కూడబెట్టుకుంటుంది. కోసిన తర్వాత ఆ పిండే చక్కెరగా మారుతుంది. కోశాక కాయకు చెట్టు నుంచి ఇంకేమీ అందదు. అంటే మీరు తినే పండు ఎంత తియ్యగా ఉండాలో కోత రోజే తేలిపోతుంది. ముదరకముందే కోసిన కాయ పసుపు రంగుకు తిరగవచ్చు, మెత్తబడవచ్చు కూడా. తీపి మాత్రం రాదు.

ఈ సంగతి మాకు మొదటి ఏడాదే అనుభవంలోకి వచ్చింది. ఏప్రిల్ మొదట్లో మార్కెట్‌లో కాయలు తక్కువ, రేటు ఎక్కువ. ఆశపడి కోసి పంపాం. వారం తర్వాత ఒక అమ్మ ఫోన్ చేసింది. "బాబూ, కాయలు ముడతలు పడ్డాయి గానీ పండలేదు. కోస్తే లోపల తెల్లగా, పుల్లగా ఉన్నాయి" అంది. ఆ కోతలో పెట్టెలు తీసుకున్న వాళ్లందరికీ డబ్బులు తిరిగి ఇచ్చేశాం. తప్పు పూర్తిగా మాదే. లేత కాయలో నీరు ఎక్కువ. అది ఆరిపోతే తోలు ముడతలు పడుతుంది. మీ ఇంట్లో కాయ ముడతలు పడి, వాసన రాక, పుల్లగా ఉంటే అది లేతగా కోసిందని అర్థం. దాన్ని పప్పులో వేసుకోండి. ఎన్నాళ్లు ఉంచినా లాభం లేదు.

ఇప్పుడు కోతకు ముందు ఏం చూస్తామో చెబుతాను. పిందె పట్టిన నాటి నుంచి సుమారు 100 రోజులు లెక్క పెట్టుకుంటాం. అయితే లెక్కొక్కటే చాలదు, కాయను చూడాలి. తొడిమకు రెండు పక్కలా భుజాలు నిండుగా పైకి లేవాలి, తొడిమ కాస్త గుంటలో ఉన్నట్టు కనిపించాలి. ముదురాకుపచ్చ రంగు తగ్గి, తోలు మీద చుక్కలు స్పష్టంగా కనిపించాలి. తర్వాత ఒక్కో తోట నుంచి నాలుగైదు కాయలు తెచ్చి బకెట్ నీళ్లలో వేస్తాం. ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. చివరగా ఒక కాయను కోసి చూస్తాం. టెంక గట్టిపడి, దాని చుట్టూ కండ లేత పసుపుకు తిరిగి ఉండాలి. ఇవన్నీ కుదిరితేనే ఆ తోటలోకి కాయలు కోసే చిక్కాలు వెళ్తాయి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మామిడి పూత ఒక్కసారే రాదు. డిసెంబర్‌లో కొంత, జనవరిలో కొంత వస్తుంది. అందుకే ఒకే చెట్టు మీద ముదిరిన కాయ పక్కనే దానికంటే ఇరవై రోజులు చిన్నదైన కాయ వేలాడుతుంటుంది. తోటను గుత్తకు తీసుకున్న వ్యాపారికి మళ్లీ మళ్లీ కూలీలను తేవడం గిట్టదు. అందుకని చాలాసార్లు చెట్టంతా ఒక్కసారే దులిపేస్తారు. ముదురూ లేతా కలిసిన ఆ కుప్ప ఒకేసారి పసుపు రంగులోకి రావాలి. కార్బైడ్ వాడేది అందుకే. తేమ తగిలితే దాంట్లోంచి ఎసిటిలీన్ అనే వాయువు వస్తుంది. అది తోలు రంగు మారుస్తుంది. కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ కలిసి ఉంటాయి కాబట్టి చట్టం దాన్ని నిషేధించింది. ఇథిలీన్ వాయువుతో గదుల్లో మాగబెట్టడానికి మాత్రం అనుమతి ఉంది. అయినా లేత కాయను ఇథిలీన్ గదిలో పెట్టినా తీపి రాదు. మేం ఒక్కో చెట్టును మూడు విడతలుగా కోస్తాం. కూలి ఖర్చు పెరుగుతుంది. మా పెట్టె ధరలో కొంత దాని కోసమే.

కోసేటప్పుడు తొడిమను కొంచెం పొడవుగానే ఉంచుతాం. దగ్గరగా తెంపితే సొన చిమ్ముతుంది. అది తోలు మీద పడిన చోట కాలినట్టు నల్లటి చారలు వస్తాయి. షెడ్డుకు తెచ్చాక తొడిమ తుంచి, కాయను బోర్లించి సొనంతా కిందికి కారనిస్తాం. తర్వాత కడిగి 52 డిగ్రీల వేడి నీళ్లలో పది నిమిషాలు ఉంచుతాం. పూత మీదో పిందె మీదో వాన పడితే మచ్చ తెగులు కాయలోకి చేరి, పచ్చిగా ఉన్నప్పుడు కనపడకుండా, పండేటప్పుడు నల్లమచ్చలుగా బయటపడుతుంది. వేడి నీళ్ల వల్ల అది చాలావరకు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. గాలివానకు రాలిన కాయలను పెట్టెల్లో పెట్టం. పైకి బాగానే కనిపించినా దెబ్బ తగిలిన చోట లోపల కుళ్లుతాయి. వాటిని ఆవకాయకు ఇచ్చేస్తాం.

బుధవారం వరకు ఆర్డర్లు తీసుకుంటాం. గురువారం కోత, శుక్రవారం ప్యాకింగ్, శనివారం పొద్దున పెట్టెలు మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఉంటాయి. ఇక మిగిలిన పని మీది.

పెట్టె వచ్చిన వెంటనే తెరవండి. అందులోనే వదిలేస్తే వేడికి కింది కాయలు చెమర్చి చెడిపోతాయి. గాలి ఆడే గదిలో వరిగడ్డి గానీ, పాత పేపర్లు గానీ పరిచి, కాయలను ఒకటే వరుసగా, ఒకదానికొకటి తగలకుండా పేర్చండి. పైన పలచటి నూలు గుడ్డ కప్పండి. రోజూ ఒకసారి చూసి, మెత్తగా కుళ్లు పట్టిన కాయ ఉంటే తీసేయండి. త్వరగా కావాలనుకుంటే నాలుగు కాయలను ఒక మాగిన అరటిపండుతో కలిపి కాగితం సంచిలో పెట్టండి. ఆ పండు నుంచి వచ్చే ఇథిలీన్ వీటిని కూడా మాగిస్తుంది. పచ్చికాయలను ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. ఆ చలికి తోలు గోధుమ రంగుకు తిరిగి, బయటికి తీశాక కూడా సరిగా పండవు. పండాక పెట్టుకోండి, నాలుగు రోజులు నిలుస్తాయి.

పండిందో లేదో రంగు చూసి తేల్చకండి. తొడిమ దగ్గర వాసన చూడండి. తియ్యని వాసన వచ్చి, బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోతే తినవచ్చు. బంగినపల్లి ఇంట్లో మాగితే బజారు పండులా ఒళ్లంతా ఒకే పసుపుగా ఉండకపోవచ్చు. అక్కడక్కడా పచ్చదనం మిగిలినా లోపల పండే.

బరువు సంగతి కూడా చెప్పాలి. మాగేటప్పుడు నీరు ఆవిరై కాయ బరువు తగ్గుతుంది. మొదట్లో కొందరు పండ్లను తూచి, ఐదు కిలోలు లేవని అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమే. అప్పటి నుంచి ఐదు కిలోల పెట్టెలో 400 గ్రాములు ఎక్కువ పెడుతున్నాం.

మే చివర్లో తొలి వానలు పడితే పండు ఈగ పెరుగుతుంది. అది కాయ తోలు కింద గుడ్లు పెడుతుంది, పురుగు లోపలి నుంచి తింటుంది. పైన సూది గుచ్చినంత గుర్తు తప్ప ఏమీ కనిపించదు. అందుకే వాన పడిన మర్నాటి నుంచి ప్రతి తోట నుంచి పది కాయలు కోసి చూస్తాం. ఒక్కదాంట్లో పురుగు కనిపించినా ఆ తోట కాయలు పెట్టెలకు ఆపేస్తాం. అప్పటికే డబ్బు కట్టిన వాళ్లకు ఆ రోజే ఫోన్ చేసి, వాళ్ల డబ్బు వాళ్లకు పంపేస్తాం. నమస్కారం.