వాంతులైన రోజు ఏ బిళ్ల ఆపాలి, ఏది ఆపకూడదు

యాంకర్: నమస్కారం. ఈ మధ్య కొన్ని క్లినిక్‌లలో షుగర్ పేషెంట్లకి ఒక చిన్న కాగితం ఇస్తున్నారు. వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చినప్పుడు కొన్ని మందులు తాత్కాలికంగా ఆపమని అందులో ఉంటుంది. మామూలుగా డాక్టర్లు బిళ్ల మానొద్దనే కదా చెప్తారు, ఇదేంటని మా నాన్నగారు అడిగారు. ఆ ప్రశ్నే మీ ముందు పెడుతున్నాను డాక్టర్ గారూ.

డాక్టర్: సరైన ప్రశ్నే అమ్మా. ఈ పద్ధతికి పేరు తెచ్చింది స్కాట్లాండ్. అక్కడి హైలాండ్ ప్రాంతంలో 2013లో పర్సులో పెట్టుకునే కార్డులా పంచారు. దీనివల్ల ఎన్ని కిడ్నీలు నిలబడ్డాయో చెప్పే గట్టి రుజువులు తక్కువే. కానీ కారణం మాత్రం స్పష్టం. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోతే కిడ్నీకి వెళ్లే రక్తం తగ్గుతుంది. అప్పుడు కిడ్నీ తన వడపోత నుంచి రక్తం బయటికెళ్లే నాళాన్ని బిగించి, వడపోతకు కావాల్సిన ఒత్తిడిని నిలబెట్టుకుంటుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ బిళ్లలు ఆ బిగింపునే వదులు చేస్తాయి. మామూలు రోజుల్లో అది కిడ్నీకి మేలే. నీరు లేని రోజున అదే గుణం ఎదురు తిరుగుతుంది.

యాంకర్: మరి మెట్‌ఫార్మిన్? అది కిడ్నీని పాడుచేస్తుందని మా కాలనీలో అందరూ అంటారు.

డాక్టర్: పాడుచెయ్యదు. అది ఒంట్లోంచి బయటికి పోయే దారి కిడ్నీయే, అంతే. ఆ దారి మూసుకుంటే మందు రక్తంలో పేరుకుని, లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. అరుదే, కానీ వస్తే ఐసీయూ కేసు. పైగా వాంతులు అవుతున్న కడుపుకి మెట్‌ఫార్మిన్ ఇంకాస్త వికారం తెస్తుంది.

యాంకర్: ఒక ఉదాహరణతో చెప్తారా?

డాక్టర్: అరవై దాటిన ఒక పెద్దాయన అనుకుందాం. శనివారం రాత్రి పెళ్లి భోజనం, ఆదివారం తెల్లవారుజామున వాంతులు, విరేచనాలు మొదలు. ఆయన డబ్బాలో మూడు స్ట్రిప్పులున్నాయి. షుగర్‌ది ఒకటి, బీపీవి రెండు. షుగర్ స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో చూస్తే గ్లిమెపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500 అని ఉంది. అంటే ఒకే బిళ్లలో రెండు మందులు. మన దగ్గర ఇవి చాలా మామూలు. కాగితం మీద మెట్‌ఫార్మిన్ ఆపమని ఉంటుంది. ఆయనేమో నా బిళ్ల పేరు అది కాదుగా అనుకుంటాడు. ఎందుకంటే ముందువైపు పెద్దక్షరాల్లో ఉన్నది కంపెనీ పేరు.

యాంకర్: నిజమే, మా ఇంట్లో అయితే రంగుని బట్టే గుర్తుపెట్టుకుంటారు.

డాక్టర్: అక్కడే ఈ కాగితం ఫెయిలవుతుంది. సరే, ఆదివారం పొద్దున ఆ బిళ్ల వేసుకోకూడదు. బీపీ స్ట్రిప్ ఒకదాని మీద టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 అని ఉంది. ఆ బిళ్లలోని రెండో మందు నీటిని మూత్రంలో బయటికి పంపుతుంది. కాబట్టి ఆ బిళ్ల కూడా ఆపాలి. మూడో స్ట్రిప్ మెటోప్రొలాల్. దాన్ని హఠాత్తుగా ఆపితే గుండె దడ, బీపీ ఒక్కసారిగా ఎగరడం, గుండె జబ్బు ఉంటే నొప్పి రావచ్చు. దాన్ని ఆపకూడదు. కళ్లు తిరుగుతున్నా, బీపీ పై అంకె వంద కన్నా తక్కువున్నా డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి. ఆమ్లోడిపిన్ వేసుకునేవాళ్లకీ ఇదే మాట. బీపీ బిళ్లలన్నీ ఆపమన్నారు అని డబ్బా మొత్తం పక్కన పెట్టేసేవాళ్లని చూస్తుంటాం, అది తప్పు.

యాంకర్: తిండి లేదు, షుగర్ బిళ్ల లేదు. షుగర్ ఎటు పోతుంది?

డాక్టర్: ఎటైనా పోవచ్చు. శనివారం రాత్రి వేసుకున్న గ్లిమెపిరైడ్ ఆదివారమంతా పనిచేస్తూనే ఉండొచ్చు. తిండి లేకపోతే షుగర్ పడిపోతుంది. ఇంకోవైపు జ్వరం, ఇన్ఫెక్షన్ ఉంటే ఏమీ తినకపోయినా పెరుగుతుంది. అందుకే నాలుగైదు గంటలకోసారి వేలు గుచ్చి చూసుకోవాలి. 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ చూడాలి.

యాంకర్: ఓఆర్‌ఎస్ తాగొచ్చా? అందులో గ్లూకోజ్ ఉంటుందని భయపడతారు.

డాక్టర్: తాగాలి. లీటరుకి 13.5 గ్రాములే ఉంటుంది. ఉప్పుని పేగు లోపలికి లాక్కోవడానికి ఆ గ్లూకోజ్ కావాలి. పొడి ప్యాకెట్ కొని, దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. అట్టపెట్టెల్లో దొరికే తియ్యటి డ్రింకులు వేరు. వాటి మీద ఓఆర్‌ఎస్ అని రాయడం గురించి హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశాలిచ్చింది. ఓఆర్‌ఎస్ దొరక్కపోతే ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, గంజి. గ్లాసుడు ఒక్కసారి కాదు, రెండు మూడు నిమిషాలకో గుక్క. గుండె ఫెయిల్యూర్ ఉండి నీళ్లు కొలిచి తాగేవాళ్లు మాత్రం ఏది ఆపాలన్నా, ఎంత తాగాలన్నా డాక్టర్‌ని అడిగే చెయ్యాలి.

యాంకర్: ఒళ్లు నొప్పులకి సూదులు వేయించుకుంటారు కదా?

డాక్టర్: నాకు ఎక్కువ కోపం తెప్పించేది అదే. జ్వరమనగానే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, లేదా మెడికల్ షాపులో ఎసిక్లోఫెనాక్ కలిసిన బిళ్ల. అవి కిడ్నీకి రక్తం లోపలికొచ్చే నాళాన్ని బిగిస్తాయి. టెల్మిసార్టాన్ బయటికెళ్లే నాళాన్ని వదులు చేసి ఉంటుంది, నీటి బిళ్ల ఉన్న నీటినీ లాగేసి ఉంటుంది. ఇక వడపోతకి ఒత్తిడి ఎక్కడిది? జ్వరానికి ఉత్త పారాసెటమాల్ చాలు.

యాంకర్: జ్వరం ఒక్కటే ఉంటే కూడా అన్నీ ఆపాలా?

డాక్టర్: అక్కర్లేదు. అన్నం తింటూ, నీళ్లు తాగుతూ, మూత్రం బాగా వస్తుంటే బిళ్లలు యథావిధిగా వేసుకోవచ్చు. చెమటలు ధారగా పోసి, వణుకొచ్చి, ముద్ద దిగని జ్వరమైతే ఇందాకటి రూలు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ బిళ్లలు వాడేవాళ్లు వాటిని తిండి తగ్గినా ఆపాలి. వాటితో షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరగొచ్చు.

యాంకర్: ఇన్సులిన్?

డాక్టర్: సొంతంగా పూర్తిగా ఎప్పుడూ ఆపకూడదు. మోతాదు మార్చాలేమో ఫోన్‌లో అడగాలి.

యాంకర్: మన పెద్దాయన సంగతి?

డాక్టర్: ఆదివారం రాత్రికి వాంతులు ఆగాయి. సోమవారం మధ్యాహ్నం ఇడ్లీ, పెరుగన్నం తిన్నాడు, మూత్రం రంగు తేలికైంది. మామూలుగా తినడం, తాగడం మొదలయ్యాక 24 నుంచి 48 గంటలకి బిళ్లలు తిరిగి మొదలుపెట్టాలి. అంటే బుధవారం పొద్దున. ఆగిన రోజులవి కలిపి రెండేసి వెయ్యకూడదు. మధ్యలో షుగర్ 250 దాటి దిగకపోతే బుధవారం దాకా ఆగకుండా ఫోన్ చెయ్యాలి. నిజానికి ఆపడం కన్నా మళ్లీ మొదలుపెట్టడమే ఎక్కువమంది మర్చిపోతారు. హాయిగానే ఉంది కదా అని నెలల తరబడి వదిలేస్తారు. ఏ రోజు ఆపారో, ఏ రోజు మొదలుపెట్టాలో క్యాలెండర్‌లో రాసుకోవాలి.

యాంకర్: ఆసుపత్రికి ఎప్పుడు పరిగెత్తాలి?

డాక్టర్: ఆరు గంటలుగా గుక్క నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, అంతసేపు మూత్రం రాకపోయినా, మత్తుగా ఉన్నా, ఊపిరి వేగంగా లోతుగా తీస్తున్నా వెంటనే వెళ్లాలి. వాటిలో ఏదీ లేకపోయినా రెండో రోజుకి తగ్గకపోతే చూపించుకోవాలి. అక్కడ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూస్తారు. క్రియాటినిన్ పెరిగి ఉంటే బుధవారం లెక్క చెల్లదు. అది దిగాకే మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ మొదలుపెట్టాలి.

యాంకర్: ఇవన్నీ ఆ రాత్రి టెన్షన్‌లో ఎవరికి గుర్తుంటాయండీ?

డాక్టర్: ఉండవు. అందుకే వచ్చే చెకప్‌కి స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లి, వాంతులైతే వీటిలో ఏవి ఆపాలి అని డాక్టర్‌నే అడగండి. ఆపాల్సిన స్ట్రిప్ వెనక మార్కర్‌తో ఇంటూ గుర్తు పెట్టించుకోండి. కొత్త స్ట్రిప్ కొన్నప్పుడల్లా అదే గుర్తు పెట్టాలి, షాపువాళ్లు కంపెనీ మారిస్తే మందు పేరు చూసి మరీ పెట్టాలి.