మడి బురద నల్లబడేది ఎందుకు?

మిత్రులారా, కె.సి. కాలువ కింద దమ్ము చేసి నీరు నిలిపిన మడిలో చేయి దించి గుప్పెడు బురద పైకి తీయండి. పైపైన గోధుమరంగు పొర పలుచగా ఉంటుంది, దాని అడుగంతా నలుపు. నల్లరేగడిలో ఈ తేడా కంటికి ఆనదు, ఎర్రనేల మడిలోనే చూడాలి. ఆ నలుపంతా కుళ్ళిన ఆకూ పేడా అనుకుంటాం. అందులో పెద్ద పాలు ఇనుమూ గంధకమూ కలిసిన ఐరన్ సల్ఫైడ్‌ది.

గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. అందుకే కొన్ని మిల్లీమీటర్ల లోతుకే అది అయిపోతుంది. అడుగున ఉన్న సూక్ష్మజీవులు మొదట నైట్రేట్‌తో, తర్వాత మాంగనీసుతో, ఆపైన తుప్పులోని ఇనుముతో శ్వాస సాగిస్తాయి. ఇవి తగ్గిన చోట సల్ఫేట్ వంతు వస్తుంది. డీసల్ఫోవిబ్రియో వంటి బ్యాక్టీరియా సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే.

ఈ వరుసలోనే అసలు సంగతి ఉంది. సల్ఫైడ్ పుట్టేసరికి ఇనుము అప్పటికే నీటిలో కరిగి సిద్ధంగా ఉంటుంది. రెండూ తగలగానే ఐరన్ సల్ఫైడ్ నల్లని సన్నని రేణువులుగా దిగుతుంది. రేణువులు అంత సన్ననివి కాబట్టి కొంచెమే అయినా బురదంతా నల్లబడుతుంది. మడి నల్లగా ఉండి వాసన లేదంటే, విషమైన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఇనుము పట్టేసిందన్నమాట.

నమ్మకం కుదరకపోతే చెంచాడు బురదను పలుచగా పరిచి గాలికి పెట్టండి. ఐరన్ సల్ఫైడ్ అయితే కొన్ని గంటల్లో గోధుమరంగుకు తిరుగుతుంది, కుళ్ళిన ఆకు నలుపు అలాగే ఉంటుంది. మరో చెంచాడుపై, ఆరుబయట, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేస్తే గుడ్డు వాసన లేస్తుంది. కాలం గడిచి పైరైట్ అనే ఖనిజంగా మారిన గంధకం మాత్రం ఈ పరీక్షకు దొరకదు.

చౌడు నేలకు వేసే జిప్సంలోనూ సల్ఫేటే ఉంటుంది, దాని సంగతి చూద్దాం. శుద్ధమైన జిప్సం 100 కిలోల్లో గంధకం సుమారు 18.6 కిలోలు. అదంతా సల్ఫైడ్ అయినా, పట్టడానికి 32 కిలోల పైచిలుకు ఇనుము చాలు. మట్టిలో ఇనుము ఒక్క శాతమే అనుకున్నా, ఎకరా పైమట్టిలో టన్నుల కొద్దీ ఉంటుంది. అందులో కరిగేది కొంత భాగమే అయినా ఎర్రనేలకు భయం తక్కువ.

ఇబ్బంది ఇనుము కడిగేసిన ఇసుక నేలల్లో, పచ్చిరొట్ట ఎక్కువగా తొక్కిన మడుల్లో వస్తుంది. అక్కడ సల్ఫైడ్ విడిగా మిగిలి వేరును చంపుతుంది. జపాన్‌లో ఇలా వరి చివర్లో దెబ్బతినే తెగులును అకియోచి అంటారు. ఒక దుబ్బు పీకి చూడండి. ఆరోగ్యమైన వేరు తాను వదిలే ఆక్సిజన్‌తో తుప్పురంగు తొడుగు కట్టుకుంటుంది. వేరు నల్లబడి మెత్తగా ఊడివస్తుంటే నీరు తీసి, నేల సన్నగా నెర్రెలిచ్చేదాకా మడిని ఆరనివ్వండి. గాలి తగిలాక సల్ఫైడ్ మళ్ళీ సల్ఫేట్ అవుతుంది, ఇనుము తుప్పుగా తిరిగి వస్తుంది. పైరు పొట్టదశకు చేరకముందే ఈ పని చేయాలి. ఆ తర్వాత నీటి ఎద్దడి గింజను దెబ్బతీస్తుంది.