ఎయిర్ రిసీవర్‌కు ఎంత మందం ప్లేటు వేయాలి?

అందరికీ నమస్కారం. చిత్తూరు, కుప్పం వైపు గ్రానైట్ పనుల్లో, రేణిగుంట వైపు షెడ్లలో కంప్రెసర్ పక్కన పడుకోబెట్టిన ట్యాంకు లేని చోటు అరుదు. ఆ ట్యాంకు ప్లేటు మందం ఎలా తేలుతుందో ఒక్క ఉదాహరణతో చూద్దాం. లోపలి వ్యాసం 600 మి.మీ., షెల్లు పొడవు 1600 మి.మీ., డిజైన్ ప్రెషర్ 12 బార్. అంటే చదరపు మిల్లీమీటరుకు 1.2 న్యూటన్లు. దాదాపు 500 లీటర్ల రిసీవర్ ఇది.

ముందు డిష్ ఎండ్, అంటే ట్యాంకు చివర ఉండే గిన్నెలాంటి మూత, వైపు నుంచి చూడండి. 600 మి.మీ. వృత్తం మీద గాలి తోపు సుమారు 3,39,000 న్యూటన్లు, అంటే దాదాపు 34 టన్నుల బరువు. దాన్ని ఆపేది చుట్టూ ఉన్న గోడ అంచు మొత్తం. 6 మి.మీ. ప్లేటయితే లాంగిట్యూడినల్ స్ట్రెస్, అంటే పొడవు దిశలో గోడను లాగేది, చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్లు వస్తుంది.

ఇప్పుడు అదే ట్యాంకును పొడవునా రెండు చెక్కలుగా చీల్చినట్టు ఊహించండి. ఒక్క మిల్లీమీటరు పొడవుకు గాలి 720 న్యూటన్లతో విడదీస్తుంది. ఆపడానికి అటొక గోడ, ఇటొక గోడ, అంతే. ఒక్కొక్కదాని మీద 360 న్యూటన్లు, 6 మి.మీ. మందానికి 60. ఇది హూప్ స్ట్రెస్. మొదటిదానికి సరిగ్గా రెట్టింపు.

```
హూప్ = P·D / (2·t)
లాంగిట్యూడినల్ = P·D / (4·t)
```

ఇక్కడ `P` ప్రెషర్, `D` లోపలి వ్యాసం, `t` గోడ మందం. వ్యాసంతో పోలిస్తే గోడ ఇరవయ్యో వంతు కంటే పలచగా ఉన్నంతవరకు ఈ లెక్క నమ్మవచ్చు. మనది నూరో వంతు. ట్యాంకు పగిలితే సాధారణంగా పొడవునా చీలేది ఈ రెట్టింపు వల్లే. కాబట్టి పొడవు జాయింటు, చుట్టు జాయింటు రెండూ ఒకటే అనుకోకూడదు. పొడవు జాయింటు మోసేది హూప్ స్ట్రెస్‌ను.

మందానికి వాడే సూత్రం ఇది:

```
t = P·D / (2·f·J − P)
```

ఇందులో `f` అంటే ప్లేటుకు అనుమతించిన స్ట్రెస్. SA 516 గ్రేడ్ 70 ప్లేటుకు మామూలు ఉష్ణోగ్రతలో 138 తీసుకుంటారు. `J` వెల్డింగ్ మీద మనకున్న నమ్మకం. రెండు వైపులా వెల్డ్ చేసిన బట్ జాయింటుకు ఎక్స్‌రే తీయకపోతే 0.7, అక్కడక్కడా తీస్తే 0.85, మొత్తం తీస్తే 1. చిన్న షాపుల్లో ఎక్స్‌రే ఉండదు కాబట్టి 0.7 వేస్తే 720ని 192తో భాగించాలి. 3.75 మి.మీ. వస్తుంది. `J`ను మరిచిపోతే 2.6 వస్తుంది. ఎక్కువగా జరిగే తప్పు ఇదే, ప్రమాదకరమైనదీ ఇదే.

3.75కు తుప్పు కోసం 1.5 కలిపితే 5.25. మిల్లు నుంచి ప్లేటు కాస్త పలచగా రావచ్చు గనక మరో 0.3 కలిపితే 5.55. బజారులో దొరికే తర్వాతి ప్లేటు 6 మి.మీ. అదే తీసుకోవాలి. డిష్ ఎండ్‌కు సూత్రం వేరు. నొక్కేటప్పుడు అది మూలమలుపు దగ్గర పలచబడుతుంది కూడా, అందుకని దాని మందం విడిగా లెక్కించాలి. తయారయ్యాక పరీక్ష నీళ్లతోనే, 15.6 బార్ దాకా. గాలితో చేయకండి. నొక్కిన గాలిలో దాగిన శక్తి చాలా ఎక్కువ, చీలితే ముక్కలు ఎగురుతాయి.

ఇక అసలు విషయం. పడుకోబెట్టిన ట్యాంకులో, ముఖ్యంగా కార్తీక మాసపు వానల్లో, గాలి చల్లారి వదిలే నీరు అడుగున నిలుస్తుంది. తుప్పు అడుగున ఒక గీతలాగా పొడవునా పట్టుకుంటుంది. అంటే గోడ పలచబడే గీత సరిగ్గా హూప్ స్ట్రెస్‌కు అడ్డంగా ఉంటుంది. అదే లోతు గాడి చుట్టుకొలత వెంబడి పడితే దాని మీద భారం సగమే. ఫాబ్రికేటర్ పొడవు జాయింటును కూడా అడుగునే పెడితే మూడు బలహీనతలు ఒకే గీత మీద కలుస్తాయి: రెట్టింపు స్ట్రెస్, 0.7 నమ్మకం, తుప్పు. ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పండి, పొడవు జాయింటు పై సగంలో ఉండాలి, నాజిళ్లకు తగలకూడదు అని. డ్రెయిన్ వాల్వ్ అన్నిటికంటే కింద ఉండాలి, దాన్ని రోజూ తెరవాలి.

వాడకంలో ఉన్న ట్యాంకుకు అల్ట్రాసోనిక్ గేజ్‌తో అడుగు గీత వెంబడి ప్రతి 100 మి.మీ.కు ఒక చోట మందం చూడండి. పక్క గోడలు కొలిచి బాగుందనుకుంటే ఏమీ తెలియదు. నాలుగేళ్లలో 6 నుంచి 5.4కు తగ్గిందనుకోండి, ఏటా 0.15. వ్యాసం కాస్త పెరగడం కూడా కలుపుకుని కనీస మందం 3.8 అనుకుంటే ఇంకా పదేళ్లు మిగిలాయి. ఇది తుప్పు సమంగా తింటేనే. గుంటలు పడుతున్నాయంటే సగటు పనికిరాదు, అన్నిటికంటే తక్కువ వచ్చిన కొలతనే లెక్కలో పెట్టాలి. ఆ కొలత 3.8కి దిగితే సేఫ్టీ వాల్వ్‌ను 12 బార్ దగ్గర ఉంచడానికి వీల్లేదు. మిగిలిన మందంతో ప్రెషర్‌ను మళ్లీ లెక్కగట్టి వాల్వ్‌ను అంతకు దించాలి, లేదా ట్యాంకును పక్కన పెట్టాలి. లోపలి నుంచి పలచబడిన గోడ మీద బయట అతుకు ప్లేటు వెల్డ్ చేయడం మాత్రం పరిష్కారం కాదు. లోపల తుప్పు ఆగదు, పైగా అతుకు అంచున కొత్త వెల్డ్ వచ్చి అదే హూప్ స్ట్రెస్‌ను మోస్తుంది.