అనంతపురంలో ఇంటి నుంచి పని, న్యూజెర్సీ క్లయింట్: వారం క్యాలెండర్‌ను బ్లాకులుగా కడితే నిలుస్తుందా? | రివ్యూ

నమస్కారం అండీ. ఈరోజు రివ్యూ ఫోన్‌ది కాదు, ల్యాప్‌టాప్‌ది కాదు. ఒక వారం క్యాలెండర్‌ది. అనంతపురంలో ఉండే మా పిన్ని కూతురు బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే డేటా అనలిస్ట్‌గా పనిచేస్తుంది. క్లయింట్ న్యూజెర్సీలో ఉంటాడు. తన వారాన్ని గూగుల్ క్యాలెండర్‌లో బ్లాకులుగా కట్టి, అంటే ఏ టైంకు ఏ పనో ముందే రాసిపెట్టి చూశాం. తను సరేనంది కాబట్టి, పేర్లు తీసేసి స్క్రీన్ మీద మీకు చూపిస్తున్నా.

ముందు తను సొంతంగా వేసుకున్న ప్లాన్ చూడండి. పొద్దున 10:30 నుంచి రాత్రి 7:30 దాకా, మధ్యలో గంట భోజనం. అంటే రోజుకు 8 గంటలు, వారానికి 40. మీటింగులు, మెయిళ్లు పోను ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ "ఫోకస్" అని నీలం రంగు నింపేసింది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. "అన్నా, మంగళవారం మధ్యాహ్నానికే ఇదంతా అబద్ధం అయిపోయింది" అని తనే చెప్పింది. ఎందుకయిందో లెక్క వేస్తే తెలిసిపోతుంది.

రోజూ టీమ్‌తో స్టాండప్ అనే అరగంట మీటింగ్, అది వారానికి రెండున్నర గంటలు. క్లయింట్ కాల్ సోమ, బుధ, గురువారాల్లో ఒక్కో గంట. బుధవారం టీమ్ రివ్యూ గంట, శుక్రవారం మేనేజర్‌తో అరగంట. మొత్తం 7 గంటలు. మెయిళ్లు, చాట్‌లకు రోజుకు రెండు సార్లు ముప్పావు గంట చొప్పున తీసేస్తే ఇంకో ఏడున్నర. మిగిలేది 25న్నర గంటలు. ఆ 25న్నరనూ తను ఫోకస్‌కే రాసేసింది. టైమ్‌షీట్ నింపడం, పక్కవాళ్ల క్వెరీ చూసిపెట్టడం, ఉన్నట్టుండి వచ్చే "ఈ నంబర్ ఎందుకు తప్పు?" అనే మెసేజ్, వీటికి చోటే లేదు. పైగా ఇంట్లో ఉంది కదా అని గ్యాస్ సిలిండర్ వచ్చినా తననే పిలుస్తారు.

మేం మార్చింది ఇదీ. ఫోకస్ 25న్నర నుంచి 13 గంటలకు దించాం. రోజూ పొద్దున 10:30 నుంచి 12:30 వరకు ఒకటి, మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం గంటన్నర చొప్పున ఇంకొకటి. పొద్దునే ఎందుకంటే, అప్పటికి న్యూజెర్సీలో అర్ధరాత్రి, అటునుంచి మెసేజ్ రాదు. పైగా మే నెలలో మన సీమలో మధ్యాహ్నం రెండింటికి కూర్చుని కొత్త క్వెరీ ఆలోచించమంటే ఎవరి వల్ల అవుతుంది చెప్పండి! చిన్న పనులకు ఐదున్నర గంటలు, జారిపోయిన పనుల కోసం ఖాళీగా వదిలే బఫర్‌కు 7 గంటలు. కూడి చూసుకోండి, సరిగ్గా 40 వస్తుంది.

అసలు సంగతి ఆ బఫర్ 7 గంటలదే. చాలామంది బఫర్‌ను రోజు చివర్లో పెడతారు. తనకు చివర్లో క్లయింట్ కాల్ ఉంది, అక్కడ పెడితే బఫర్ ఉన్నా లేనట్టే. అందుకే రోజూ సాయంత్రం 4:45 నుంచి 5:45 వరకు పెట్టాం. పొద్దున బ్లాక్‌లో తెగని పని అక్కడ తెగుతుంది, ఆ తర్వాత మెయిళ్లు చూసుకుని 6:30కి కాల్‌లో కూర్చుంటుంది. శుక్రవారం మాత్రం 2:45 నుంచే బఫర్ మొదలవుతుంది, అంటే వరసగా మూడు గంటలు. వారంలో జారిపోయిన పెద్ద పని ఏదన్నా ఉంటే దానికి అది చివరి చోటు. లైన్ మెయింటెనెన్స్ అని పొద్దున కరెంటు తీసేసిన రోజు బఫర్‌నూ ఫోకస్‌నూ అటూ ఇటూ మార్చుకుంటుంది, అంతే.

దీనికి ఒక నియమం పెట్టుకున్నాం. తప్పిపోయిన బ్లాక్ అదే రోజు బఫర్‌లోకి వెళ్లాలి. పట్టకపోతే శుక్రవారానికి. అక్కడా పట్టకపోతే ఆ పని ఈ వారం కాదని మేనేజర్‌కు చెప్పేయాలి. మిగతా బ్లాకులన్నిటినీ ఒక్కో రోజు వెనక్కి తోయడం మాత్రం వద్దు. ఒకసారి తోయడం మొదలైతే గురువారానికి ఆ క్యాలెండర్‌ను ఎవరూ తెరిచి చూడరు.

బ్లాక్ పేరు కూడా "ఫోకస్" అని కాదు, "సేల్స్ డాష్‌బోర్డ్, ప్రాంతాల వారీ క్వెరీ" అని రాయాలి. తను ఆ డాష్‌బోర్డ్‌కు నాలుగు గంటలు అనుకుంది, దాదాపు ఆరు పట్టింది. ఇది తన ఒక్కదాని జబ్బు కాదు. దీనికి డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే ప్లానింగ్ ఫ్యాలసీ అని పేరు పెట్టారు. కాబట్టి కొత్త రకం పని అయితే తన అంచనాకు సగం కలిపి రాస్తోంది. ప్రతి వారం చేసే రిపోర్ట్ అయితే అంచనా ఎంతో అంతే.

ఇక యాప్ సంగతి. ఆఫీసు అకౌంట్‌లో `Focus time` అని వేరే రకం ఈవెంట్ ఉంటుంది. ఆ టైంలో వచ్చే మీటింగ్ ఇన్విటేషన్‌ను అదే తిరస్కరించేలా పెట్టుకోవచ్చు. బాగానే ఉంది కానీ, మేనేజర్ పిలుపును కూడా మొహమాటం లేకుండా వెనక్కి పంపేస్తుంది. ముందే ఒక మాట చెప్పి పెట్టుకోండి. సొంత జీమెయిల్‌లో ఈ సదుపాయం లేదు, మామూలు ఈవెంట్ పెట్టి `Busy` అని ఉంచుకోవాలి. సెట్టింగ్స్‌లో `Speedy meetings` అని ఇంకోటి ఉంది, అది ఆన్ చేస్తే మీరు పెట్టే గంట మీటింగ్ 50 నిమిషాలకే ముగిసేలా ఉంటుంది. వేరేవాళ్లు పెట్టిన మీటింగుకు ఇది వర్తించదు. తన మీటింగులు దాదాపు అన్నీ వేరేవాళ్లు పెట్టినవే, కాబట్టి పెద్ద ప్రయోజనం కనబడలేదు.

అందరూ దెబ్బతినేది నవంబర్‌లో. అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుపుతారు. న్యూజెర్సీలో పొద్దున 9కి ఉన్న కాల్ వేసవిలో మనకు సాయంత్రం 6:30, ఆ ఆదివారం తర్వాత 7:30. మీటింగ్ పెట్టింది అటువైపు వాళ్లు కాబట్టి మన క్యాలెండర్‌లో దాని టైం తనంతట తానే మారిపోతుంది. మనం కట్టుకున్న బ్లాకులు మాత్రం మారవు. మార్చి రెండో ఆదివారం మళ్లీ 6:30కి వస్తుంది. అందుకే తన వారానికి రెండు రూపాలు తయారుచేశాం. చలికాలంలో కాల్ ఉన్న మూడు రోజులూ 6:30 నుంచి 7:30 వరకు పని ఆపేస్తుంది, కాల్ 8:30కి ముగుస్తుంది. ఆ ఖాళీ గంటను కూడా "ఇంటి పని" అని క్యాలెండర్‌లో రాయించాను. ఖాళీగా కనిపిస్తే ఎవరో ఒకరు మీటింగ్ పెట్టేస్తారు.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? బఫర్‌ను చూడండి. రోజూ బఫర్ మొత్తం అయిపోతోందంటే చిన్న పనులను తక్కువగా లెక్కేశారన్నమాట, ఫోకస్‌లోంచి ఇంకో రెండు గంటలు తీసి అటు ఇవ్వండి. వారాల తరబడి శుక్రవారం బఫర్ ముట్టుకోకుండా మిగిలిపోతుంటే ఒక గంట ఫోకస్‌కు తిరిగి ఇవ్వొచ్చు. మా వాళ్లమ్మాయిది మొదటి రకం. నెల ముగింపు వారంలో చిన్న పనులు ఐదున్నర గంటల్లో పట్టడం లేదు. ఆ ఒక్క వారానికి మంగళ, గురువారాల మధ్యాహ్నం ఫోకస్ తీసేస్తున్నాం.

నా మార్కులు? రిపోర్టులు, డిజైన్, కోడింగ్, రాత పని చేసేవాళ్లకు పదికి ఎనిమిది. సపోర్ట్ టికెట్లు చూసేవాళ్లకు, షిఫ్ట్‌లో ఆన్‌కాల్ ఉండేవాళ్లకు నాలుగే ఇస్తాను. టికెట్ ఎప్పుడొస్తుందో తెలియని చోట రెండు గంటల ఫోకస్ నిలవదు. వాళ్లు షిఫ్ట్ లేని రోజున ఒక బ్లాక్ పెట్టుకుని చూడొచ్చు. మీ పని ఏ రకమో, మీ మీటింగులు వారానికి ఎన్ని గంటలో కామెంట్‌లో రాయండి. వాటిలో ఒక వారాన్ని తీసుకుని ఇలాగే లెక్క వేసి చూపిస్తాను.