రోజుకో రంగు, రోజుకో రూపం: మూలా నక్షత్రం నాడు నా తెల్లచీర

అధ్యక్షులకు, కాలనీ పెద్దలకు, ముందు వరసలో చాపల మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం. దసరా నవరాత్రుల గురించి మాట్లాడమని, 'తొమ్మిది రూపాలు, తొమ్మిది రంగులు, తొమ్మిది కథలు' అని కాగితం మీద రాసిచ్చి ఇరవై నిమిషాలు టైమిచ్చారు. నేను ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. ఇరవై నిమిషాలంటే హాజరు తీసుకోవడానికే సరిపోతుంది నాకు. అందుకని రంగులతో మొదలుపెడతాను. ఎందుకో మీలో కొందరికి తెలుసు, నవ్వుతున్నారు కూడా.

2025లో మూలా నక్షత్రం సెప్టెంబర్ 29న వచ్చింది, సోమవారం. మన ఇంద్రకీలాద్రి మీద ఆ రోజు అమ్మవారిది సరస్వతీ అలంకారం. నేను జరీ అంచు తెల్లచీర కట్టుకుని సాయంత్రం ఇక్కడికి వచ్చాను. చూద్దును కదా, అందరూ నెమలి పచ్చ! గ్రూపులో వచ్చిన లిస్టులో ఆ రోజు రంగు అదేనట. ఫోటో తీసేటప్పుడు "టీచర్‌గారూ, మీరు కొంచెం చివరికి" అన్నారు. చివరికి వెళ్లాను. ఫోటోలో సగం చెయ్యి పడింది.

కోపంతో చెప్పడం లేదు. కొంచెం కోపం ఉంది, సరే. ఇంటికెళ్లి ఆ లిస్టు తీసి చూశాను. అది వారాన్ని బట్టి నడుస్తుంది. సోమవారం తెలుపు, మంగళవారం ఎరుపు, బుధవారం నీలం, గురువారం పసుపు, శుక్రవారం ఆకుపచ్చ, శనివారం బూడిద రంగు, ఆదివారం నారింజ. పాడ్యమి ఏ వారం వస్తే అక్కణ్ణించి లెక్క మొదలవుతుంది. ఏడు రోజులకు వారాలు అయిపోతాయి కాబట్టి ఎనిమిదికీ తొమ్మిదికీ నెమలి పచ్చో, గులాబీయో, ఊదాయో వేస్తారు. 2025లో పాడ్యమి సోమవారం, అందుకే మొదటి రోజే తెలుపు అయిపోయింది. ఎనిమిదో రోజున మళ్లీ సోమవారం వచ్చినా నెమలి పచ్చ పడింది. అంతకు ముందు ఏడాది మూల బుధవారం వచ్చింది, ఆ రోజు లిస్టులో నీలం. అంటే ఆ లిస్టుకు సరస్వతి ఎప్పుడొస్తుందో తెలియదు. వారమే తెలుసు.

మన కొండ మీద లెక్క వేరు. సరస్వతి మూలా నక్షత్రాన్ని చూసుకుని వస్తుంది. ఏడో రోజని వరస సంఖ్య పెట్టుకోకూడదు. 2025లో ఒక తిథి రెండు రోజులు నిలవడంతో కాత్యాయని అలంకారం కలిపి మొత్తం పదకొండు చేశారు. తొమ్మిది రంగుల లిస్టు పదకొండు రోజులకు ఎక్కడ సరిపోతుంది? శ్రీశైలంలో మళ్లీ నవదుర్గలు, శైలపుత్రితో మొదలవుతారు. విజయవాడ అలంకారాలకు ఆ పేర్లు అతికిస్తే మన పిల్లలకు ఏదీ అర్థం కాదు.

మరి అమ్మవారి రంగు ఎక్కడుంది? ధ్యానశ్లోకంలో ఉంది. సరస్వతికి 'యా కుందేందు తుషారహార ధవళా', మల్లె, చంద్రుడు, మంచు, అంతా తెలుపే. లలితకు 'సిందూరారుణ విగ్రహాం'. గాయత్రి దగ్గరికి వస్తే మన లిస్టు వాళ్లకు టెన్షనే! 'ముక్తా విద్రుమ హేమ నీల ధవళ', ముత్యం, పగడం, బంగారం, నీలం, తెలుపు. ఐదు ముఖాలకు ఐదు రంగులు. ఆ రోజు ఏ చీర కడతారమ్మా? చెప్పండి, వదినగారూ!

టైమ్ అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఒక్క కథ చెప్పి దిగుతాను, మిగిలినవి రేపు పిల్లలకు చెప్తాను. అన్నపూర్ణ కథ. శివుడు ఒకసారి ఈ లోకమంతా మాయ, అన్నం కూడా మాయే అన్నాడు. పార్వతికి కోపం వచ్చి కనబడకుండా పోయింది. పొలాలు ఎండిపోయాయి, పొయ్యిలు ఆరిపోయాయి. దేవతలకూ ఆకలే, శివుడికీ ఆకలే. కాశీలో ఎవరో వంట మొదలుపెట్టారని తెలిసి శివుడు భిక్షాపాత్ర పట్టుకుని వెళ్లాడు. ఆ గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడింది పార్వతే. మాయ అన్నాయన చెయ్యి చాచాడు. ఆవిడ ఒక్క మాట అనకుండా వడ్డించింది.

పోయినేడు ఈ కథకు రెండు నిమిషాలు ఇచ్చారు, ఫోటోలకు ముప్పావు గంట. శనివారం బూడిద రంగు చీర లేదని ఒకావిడ ఆ సాయంత్రం అసలు రానే లేదు. ఆమె పేరు చెప్పను, ఇక్కడే ఉంది. కార్యదర్శిగారూ, ఈసారి గ్రూపులో లిస్టు పెట్టేటప్పుడు పక్కన ఆ రోజు అలంకారం పేరు, శ్లోకం మొదటి పాదం కూడా పెట్టించండి. చీర ఎవరికి ఏది ఉంటే అది. నేను మాత్రం మూల నాడు తెల్లచీరతోనే వస్తాను, ఫోటోలో మధ్యన నిలబడతాను.