బడి క్యాలెండర్‌లో పనిదినాల లెక్క: ఫోన్-ఇన్ కార్యక్రమం పూర్తి పాఠం

(2025 నవంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన కార్యక్రమం. సమాధానాలు చెప్పినవారు విశ్రాంత ప్రధానోపాధ్యాయులు.)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. 2025-26 విద్యా సంవత్సరానికి మన రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ ఇచ్చిన క్యాలెండర్‌లో 230 పనిదినాలు అని ఉంది. ఆ సంఖ్య ఎలా వస్తుందో, ఇంట్లో కూర్చుని ఎలా సరిచూసుకోవచ్చో ఈరోజు మాట్లాడుకుందాం. మాస్టారు మనతో ఉన్నారు. మొదటి కాల్ ఉప్పల్ నుంచి. చెప్పండి.

శ్రోత (ఉప్పల్): నమస్కారం సార్. నేను ఉద్యోగ విరమణ చేసి ఇంట్లోనే ఉంటున్నాను. మా మనవరాలు ఏడో తరగతి. మా కోడలు ఉద్యోగానికి వెళ్తుంది కాబట్టి బడి డైరీ చూసే పని నాదే. ఆ డైరీ వెనక పేజీలో సెలవులన్నీ ఉన్నాయి సార్. నేను కాగితం మీద లెక్క వేశాను. 217 వచ్చింది. విద్యాహక్కు చట్టంలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 రోజులు తప్పనిసరి అని ఉందట. అంటే ఈ బడి మూడు రోజులు ఎగ్గొడుతున్నట్టే కదా? నేను వెళ్లి అడగాలా, రాసి ఇవ్వాలా?

మాస్టారు: ఆగండి, ఆగండి. బడి వాళ్లను అడిగే ముందు మీ కాగితాన్ని అడుగుదాం. ఎక్కడ మొదలుపెట్టారు?

శ్రోత (ఉప్పల్): జూన్ 12న బడి తెరిచారు, ఏప్రిల్ 23 చివరి పనిదినం. రెండూ కలుపుకొని 316 రోజులు. అందులో 45 ఆదివారాలు, 11 రెండో శనివారాలు తీసేశాను. 260 మిగిలింది.

మాస్టారు: ఇక్కడి దాకా నూటికి నూరు మార్కులు. చాలామంది 365 నుంచి మొదలుపెట్టి వేసవి సెలవుల్లోని ఆదివారాలను కూడా తీసేస్తారు. మీరు ఆ పని చేయలేదు. తర్వాత?

శ్రోత (ఉప్పల్): తర్వాత దసరా 13 రోజులు, సంక్రాంతి 5 రోజులు. 260లోంచి 18 పోతే 242. ఆపైన పండుగల పట్టికలో 25 వరుసలున్నాయి. అవీ తీసేస్తే 217.

మాస్టారు: తప్పు అక్కడే ఉంది. దసరా సెలవులు ఏ రోజు నుంచి ఏ రోజు వరకు ఇచ్చారు?

శ్రోత (ఉప్పల్): సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ 3 వరకు.

మాస్టారు: సెప్టెంబర్ 21 ఏ వారం?

శ్రోత (ఉప్పల్): చూస్తాను సార్... ఆదివారం.

మాస్టారు: 28?

శ్రోత (ఉప్పల్): అదీ ఆదివారమే.

మాస్టారు: ఆ రెండు ఆదివారాలనూ మీరు ముందే 45లో వేసి తీసేశారు. మళ్లీ 13లో వేసి రెండోసారి తీసేశారు. పిల్లలు ఇంట్లో ఉన్నది 13 రోజులే, కానీ బడి పోగొట్టుకున్న పనిదినాలు 11 మాత్రమే. సంక్రాంతి జనవరి 11 నుంచి 15 వరకు అని క్యాలెండర్‌లో ఉంది. 11 కూడా ఆదివారమే. అంటే అక్కడ పోయేవి నాలుగు. మొత్తం మూడు రోజులు మీరు అన్యాయంగా కోసేశారు.

శ్రోత (ఉప్పల్): అంటే 217కు మూడు కలిపితే 220. అయితే చట్టానికి సరిపోయింది!

మాస్టారు: తొందరపడకండి, ఇంకా ఉంది. ఇప్పుడు పండుగల పట్టిక తీయండి. పండుగల పట్టికను ముట్టుకునే ముందు చేతిలో పెన్సిల్ ఉండాలి, దాన్ని నేరుగా కూడికలోకి తీసుకోకూడదు. ఒక్కొక్క వరుస దగ్గర రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఆదివారం నాడు పడిందా? ఇది పెద్ద సెలవుల లోపల పడిందా? దేనికి అవును అని వచ్చినా ఆ వరుస మీద గీత కొట్టేయండి. జూలై 6 మొహర్రం ఏ వారం?

శ్రోత (ఉప్పల్): ఆదివారం. కొట్టేశాను. బతుకమ్మ మొదటి రోజు సెప్టెంబర్ 21, అదీ ఆదివారం. మహాశివరాత్రి ఫిబ్రవరి 15... అదీ ఆదివారమే సార్.

మాస్టారు: మూడు పోయాయి. ఇక సెలవుల లోపల పడినవి చూడండి.

శ్రోత (ఉప్పల్): దుర్గాష్టమి సెప్టెంబర్ 30. గాంధీ జయంతి అక్టోబర్ 2. విజయదశమి కూడా అక్టోబర్ 2. మరునాడు 3 ఒక వరుస. భోగి జనవరి 14, సంక్రాంతి 15.

మాస్టారు: చూశారా, అక్టోబర్ 2 అనే ఒక్క రోజును మీరు మూడుసార్లు తీసేశారు. దసరా సెలవుల 13లో ఒకసారి, గాంధీ జయంతి పేరుతో ఒకసారి, విజయదశమి పేరుతో మరోసారి. పట్టికలో రెండు వరుసలుంటే రెండు రోజులని కాదు, తేదీ ఒక్కటే. ఈ ఆరూ కొట్టేయండి. ముందటి మూడింటితో కలిపి తొమ్మిది. 25లో మిగిలేవి 16. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి వేయండి. 260లోంచి దసరాకు 11, సంక్రాంతికి 4, విడి పండుగలకు 16.

శ్రోత (ఉప్పల్): 229 సార్.

మాస్టారు: క్యాలెండర్‌లో 230 ఉంది, మీకు 229 వచ్చింది. ఒక్క రోజు తేడా.

శ్రోత (ఉప్పల్): అయితే ఆ ఒక్క రోజు బడి వాళ్లు...

మాస్టారు: బడి వాళ్లను వదిలేయండి. విద్యా సంవత్సరం రెండు సంవత్సరాల మీద నడుస్తుంది. జూన్‌లో డైరీ అచ్చయ్యేనాటికి 2025 సాధారణ సెలవుల ఉత్తర్వు చేతిలో ఉంటుంది, 2026ది ఉండదు. అందువల్ల జనవరి తర్వాతి పండుగల తేదీలు పంచాంగం చూసి వేసినవే. రంజాన్ నెలవంక మీద ఆధారపడుతుంది. పండుగ ఒక రోజు అటో ఇటో జరిగి ఆదివారం నాడు పడితే ఒక పనిదినం తిరిగి వస్తుంది. కాబట్టి జూన్ నుంచి డిసెంబర్ వరకు మీ లెక్క గట్టిది, జనవరి నుంచి ఏప్రిల్ వరకు పెన్సిల్ లెక్క. కొత్త ఉత్తర్వు వచ్చాక ఆ సగాన్ని మాత్రం మళ్లీ వేసుకోండి.

శ్రోత (ఉప్పల్): అర్థమైంది సార్. ఒక్క మాట. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8న పడింది కదా, అది నేను వేయలేదు. వేయాలా? ఇంకా ఆ దసరా ఆదివారాలు... రెండుసార్లు తీయకూడదు, అంతేనా?

మాస్టారు: అంతే, ఒక్కసారే. ఆదివారాలు తీసేశాకే సెలవుల జోలికి వెళ్లాలి. వరలక్ష్మీ వ్రతం ఐచ్ఛిక సెలవు. ఉపాధ్యాయులు తమకు అనుమతి ఉన్నంతలో వాడుకుంటారు కానీ దాని వల్ల బడి మూతపడదు. మీరు వేయకపోవడమే సరైనది.

శ్రోత (ఉప్పల్): మరి వినాయక నిమజ్జనం? సెప్టెంబర్ 6న బడి లేదు. డైరీలో ఆ వరుసే లేదు.

మాస్టారు: ఇది మన నగరం వాళ్లు తప్పక అడగాల్సిన ప్రశ్న. నిమజ్జనం సెలవు హైదరాబాద్‌కూ చుట్టుపక్కల జిల్లాలకూ విడిగా ఇచ్చిన ఉత్తర్వు. దానికి బదులుగా అక్టోబర్ 11 రెండో శనివారాన్ని పనిదినం చేశారు. మీ మనవరాలు ఆ శనివారం బడికి వెళ్లిందా?

శ్రోత (ఉప్పల్): వెళ్లింది, వెళ్లింది. రెండో శనివారం బడేమిటని ఏడ్చింది కూడా.

మాస్టారు: ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. ఏడాది మొత్తంలో తేడా లేదు, నెలవారీ లెక్కలో మాత్రం ఉంటుంది. సెప్టెంబర్ చూడండి. 30 రోజుల్లో నాలుగు ఆదివారాలు, 13న రెండో శనివారం, 5న మిలాద్ ఉన్ నబీ, 6న నిమజ్జనం, దసరా సెలవుల్లో ఆదివారాలు కాని ఎనిమిది రోజులు. మిగిలింది 15. అక్టోబర్‌లో నాలుగు ఆదివారాలు, దసరా మూడు, దీపావళి ఒకటి పోతే 23. రెండో శనివారం పనిచేసింది కాబట్టే 23, లేకుంటే 22.

వ్యాఖ్యాత: చాలా బాగుంది. మెహిదీపట్నం నుంచి ఒక తల్లి ఎదురుచూస్తున్నారు. చెప్పండి అమ్మా.

శ్రోత (మెహిదీపట్నం): సార్, మా బాబు మిషనరీ బడిలో చదువుతున్నాడు. డిసెంబర్ 23 నుంచి 27 వరకు క్రిస్మస్ సెలవులు అని ఉంది. మా పక్కింటి వాళ్ల బడికి 25, 26 మాత్రమే. ఇద్దరికీ ఐదు రోజులు తేడానా?

మాస్టారు: ఐదు కాదు, మూడు. 25, 26 ఇద్దరికీ సెలవే. మీకు అదనంగా పోయేవి 23, 24, 27. ఈ ఏడాది ఆ ఐదు రోజులూ మంగళవారం నుంచి శనివారం దాకా ఉన్నందున లోపల ఆదివారం లేదు, అందుకే కోత తగ్గలేదు. 28 ఆదివారం కాబట్టి మీ బాబు వరుసగా ఆరు రోజులు ఇంట్లో ఉంటాడు. ఇంట్లో ఉండే రోజుల లెక్క వేరు, పనిదినాల లెక్క వేరు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాతి కాల్ కూకట్‌పల్లి నుంచి.

శ్రోత (కూకట్‌పల్లి): నేను గణితం ఉపాధ్యాయినిని సార్. 230 రోజులుంటే 230 పీరియడ్లు ఉంటాయని పాఠ్యప్రణాళిక వేశాను. ఇప్పుడు రెండు పాఠాలు వెనకబడ్డాను.

మాస్టారు: అమ్మా, పనిదినం అంటే బడి తెరిచిన రోజు, మీ పాఠం జరిగిన రోజు కాదు. పరీక్షల రోజులు, క్రీడోత్సవాలు, తల్లిదండ్రుల సమావేశాలు అన్నీ పనిదినాల్లోనే ఉంటాయి. మీకు జంట పీరియడ్ ఏ వారం?

శ్రోత (కూకట్‌పల్లి): సోమవారం.

మాస్టారు: అందుకే వెనకబడ్డారు. బోనాలు జూలై 21 సోమవారం. దసరా సెలవుల్లో సెప్టెంబర్ 22, 29. దీపావళి అక్టోబర్ 20. ఇప్పటికి నాలుగు సోమవారాలు, అంటే ఎనిమిది పీరియడ్లు పోయాయి. ముందు సంక్రాంతి సెలవుల్లో జనవరి 12, ఆపైన గణతంత్ర దినం 26, రెండూ సోమవారాలే. సిలబస్‌కు మొత్తం రోజుల సంఖ్య పనికిరాదు. సోమవారాలెన్ని, మంగళవారాలెన్ని అని వారాల వారీగా లెక్కపెట్టి, మీ టైంటేబుల్‌లో ఆ రోజున్న పీరియడ్లతో గుణించండి. వీలైతే జనవరిలో జంట పీరియడ్‌ను బుధవారానికి మార్పించుకోండి.

శ్రోత (కూకట్‌పల్లి): బుధవారం కూడా 14న భోగి పోతుంది కదా సార్?

మాస్టారు: పోతుంది. కానీ సోమవారానికి రెండు పోతుంటే బుధవారానికి ఒకటే పోతుంది.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది. బోడుప్పల్ నుంచి చివరి కాల్.

శ్రోత (బోడుప్పల్): సార్, మా పాప సీబీఎస్ఈ పదో తరగతి. 75 శాతం హాజరు ఉండాలంటున్నారు. 230లో 75 శాతం అంటే 173 రోజులు వెళ్తే చాలు కదా?

మాస్టారు: మీ బడి ఏ క్యాలెండర్ నడుపుతోందో ముందు చూసుకోండి, చాలా సీబీఎస్ఈ బడులకు సొంత క్యాలెండర్ ఉంటుంది. కొన్నింటికి శనివారాలన్నీ సెలవే, అప్పుడు 230 అనే అంకె మీకు వర్తించనే వర్తించదు. హాజరు శాతానికి హారం అచ్చయిన సంఖ్య కాదు, హాజరు పట్టీలో బడి నిజంగా పనిచేసినట్టు నమోదైన రోజుల సంఖ్య. వానలకో బంద్‌కో బడి మూసిన రోజు క్యాలెండర్‌లో కనబడదు, పట్టీలో కనబడుతుంది. తరగతి ఉపాధ్యాయురాలిని అడిగి ఇప్పటివరకు బడి ఎన్ని రోజులు నడిచింది, అందులో పాప ఎన్ని రోజులు వచ్చింది అని రెండు అంకెలూ...

శ్రోత (బోడుప్పల్): హలో? సార్, వినిపించడం...

వ్యాఖ్యాత: లైన్ కట్ అయినట్టుంది. మాస్టారూ, ఉప్పల్ పెద్దాయన మళ్లీ కాల్ చేస్తున్నారట. వచ్చే జూన్ 12 ఏ వారమని అడుగుతున్నారు.

మాస్టారు: 2026 జూన్ 12 శుక్రవారం. మరునాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. ఆ రోజే బడి తెరిస్తే ఒక్క రోజు వెళ్లి రెండు రోజులు ఇంట్లో ఉంటారని చెప్పండి. ఆ 13, 14 తేదీలను మాత్రం ఒక్కసారే తీసేయమనండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు మాస్టారూ. శ్రోతలకు ధన్యవాదాలు.