చెరిపేయకుండా ఉంచిన మాట

సభకు నమస్కారం. కవితలో గీత, కుండలీకరణం, మధ్యలో తెగిన వాక్యం మాట్లాడే మనిషి తడబాటును ఎలా పట్టి ఇస్తాయో చూడటానికి ఈ ప్రసంగం కోసమే రాసుకున్న మూడు పాదాలు వినిపిస్తాను. మాట్లాడుతున్నది ఒక స్త్రీ.

సాయంత్రం నుంచి — కాదు, పొద్దున్నించే —
తలుపు తీసి ఉంచాను (గాలి కోసమే)
నువ్వు వస్తావని — వస్తే వస్తావేమోనని.

ఉత్తరంలోనైతే "సాయంత్రం" అన్న మాటను కొట్టేసి "పొద్దున్న" అని రాస్తాం. కవితలో ఆ తప్పుమాట అలాగే నిలిచి ఉంది కనుకనే, ఆమె ముందు తన నిరీక్షణను తగ్గించి చెప్పబోయిందనీ, అబద్ధం నోట నిలవక నిజం చెప్పేసిందనీ మనకు తెలుస్తుంది. పైగా మన వాక్యంలో క్రియ సాధారణంగా చివరనే వస్తుంది కాబట్టి, క్రియకు ముందు పడిన గీత చదివేవారిని వాక్యార్థం తేలకుండానే ఆపేస్తుంది. ఆమె సంకోచం కాసేపు మనదవుతుంది.

కుండలీకరణం పని వేరు. "గాలి కోసమే" అన్నది ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు, అందులోని "ఏ" దాన్ని మరీ అనుమానాస్పదం చేస్తుంది. అదే మాటను గీతల మధ్య పెడితే ఎదుటివాడికి గట్టిగా చెప్పినట్టుంటుంది. కుండలీకరణంలో గొంతు తగ్గి, తనకు తానే సర్దిచెప్పుకున్నట్టుంటుంది. మూడో పాదం ఆ సాకును కూల్చేస్తుంది, కానీ వెంటనే గీత దాటి ఆశను కుదించుకుంటుంది. మొదటి గీత దగ్గర ఆమె నిజంవైపు నడిచింది, చివరి గీత దగ్గర వెనక్కి తగ్గింది. గుర్తు ఒకటే అయినా దిశ వేరు, దాన్ని పక్కనున్న మాటలే చెప్పాలి.

ఇది అచ్చుయంత్రంతో వచ్చిన తెలివి మాత్రం కాదు. సంస్కృత ఆలంకారికుడు అప్పయ్య దీక్షితులు తన అలంకార గ్రంథం కువలయానందంలో, తాను అన్నదాన్నే ఆలోచించి తానే కాదనడాన్ని ఆక్షేపాలంకారంగా లక్షణం చెప్పి, చంద్రుణ్ణి కనిపించమని అడిగి, అంతలోనే ప్రియురాలి ముఖం ఉంది కదా అని మానుకున్న మాటను ఉదాహరణగా ఇచ్చాడు. గీత లేని ఆ శ్లోకంలో మలుపు భారమంతా "లేదా" అనే అర్థమిచ్చే "అథవా" అవ్యయమే మోసింది. మన పాదంలో "కాదు" చేసేదీ అదే. గీత దానికి ముందున్న మౌనాన్ని మాత్రమే అదనంగా చూపిస్తుంది.

అందుకే, గీత తీసి కామా పెట్టినా ఏమీ పోని చోట అది వట్టి అలంకరణ. ఈ మధ్య అలాంటి గీతలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఆగిన ఊపిరికీ తగ్గిన గొంతుకూ తేడా పైకి చదివితే తెలిసిపోతుంది: గీత దగ్గర స్వరం పైనే నిలిచి ఆగుతుంది, మూడు చుక్కల దగ్గర నీరసించి దిగుతుంది, కుండలీకరణం దగ్గర తగ్గి, త్వరగా సాగి, మళ్ళీ పాత స్థాయికి వస్తుంది. రెండో పాదాన్ని అలా చదివి, ఆ వెంటనే "నువ్వు" అన్న మాటను గొంతు పెంచకుండా అనడం మాత్రం నాకు ఇప్పటికీ కష్టమే.